పాత దూలం వయసు తేల్చాలంటే

పురావస్తు శాఖలోనో, మ్యూజియంలోనో, పాత గుళ్ళూ కోటలూ బాగుచేసే సంస్థల్లోనో పనిచేసేవాళ్ళ బల్ల మీదికి ఎప్పుడో ఒకప్పుడు ఓ చెక్క ముక్క వచ్చి చేరుతుంది. దానికి కార్బన్ పరీక్ష చేయించి వయసు తెలియజేయమని పై అధికారి నోట్ రాస్తారు. ఈ పనిలో లేబొరేటరీ చేసేది సగమే. ముక్క ఎక్కడ కోయాలి, దేనిలో చుట్టాలి, తిరిగొచ్చిన రిపోర్టులోని అంకెను ఫైల్లో ఏమని రాయాలి అనే మిగతా సగం మీదే. తేదీలు తప్పుగా ఫైళ్ళకెక్కేది చాలావరకు ఈ రెండో సగంలోనే. ఈ వ్యాసం దాని గురించి.

ముక్క కోసే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఈ వస్తువుకు అసలు ఈ పరీక్ష పనికొస్తుందా? మన ఊళ్ళలో మిగిలిన చెక్క పనిలో ఎక్కువ భాగం గత మూడు వందల ఏళ్ళది. జమీందారుల భవంతుల ద్వారబంధాలు, చెక్కిన స్తంభాలు, గుడి రథాలు, పల్లకీలు అన్నీ ఇంచుమించు ఆ కాలానివే. సరిగ్గా ఆ కాలంలోనే రేడియోకార్బన్ చేతులెత్తేస్తుంది. సుమారు 1650 నుంచి 1950 వరకు గాలిలో కార్బన్-14 పాలు ఎగుడుదిగుడుగా సాగింది. సూర్యుడి చురుకు తగ్గినప్పుడు పెరిగింది, ఫ్యాక్టరీల బొగ్గు పొగ కలిశాక పలచబడింది. అందువల్ల 1680ల్లో పెరిగిన కలపా, 1740ల్లో పెరిగిందీ, 1930ల్లో పెరిగిందీ పరీక్షలో దాదాపు ఒకే అంకె చూపించగలవు. "ఈ తలుపు రెండొందల ఏళ్ళదా, మూడొందల ఏళ్ళదా" అన్నదే మీ ప్రశ్న అయితే పై అధికారికి ఆ సంగతి ముందే చెప్పండి. దస్తావేజులు, చెక్కడపు శైలి, మేకుల తయారీ, రంగు పొరలు అక్కడ ఎక్కువ చెబుతాయి. ప్రశ్న ఆరేడు వందల ఏళ్ళ వెనక్కి, లేదా అంతకంటే దూరం వెళ్ళినప్పుడు పరీక్షకు పెట్టే డబ్బుకు ఫలితం ఉంటుంది.

రెండో ప్రశ్న సైటు నుంచే వస్తుంది. మట్టిలోంచి కాలిన దూలం బయటపడగానే మేస్త్రి అడుగుతాడు: "సార్, ఇది కాలి బొగ్గయిపోయింది కదండీ, దీనికి ఇంకా వయసేం తెలుస్తుంది?" కొందరు ఇంజినీర్లకూ ఇదే అనుమానం ఉంటుంది. దీనికి జవాబు కేంద్రకంలోంచి విడుదలయ్యే శక్తిలో ఉంది. లెక్క నాలుగు వరుసల్లో అయిపోతుంది. ఒక్కసారి చేసి చూసుకుంటే లేబొరేటరీ వాళ్ళు ఏ పని ఎందుకు చేస్తారో కూడా దాంతోనే అర్థమవుతుంది.

కార్బన్-14 పరమాణువు ఏదో ఒక రోజున ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి తోసేసి నైట్రోజన్-14గా మారిపోతుంది. మారక ముందు బరువు, మారిన తర్వాత బరువు పక్కపక్కన పెడితే కొంచెం తేడా కనిపిస్తుంది. ఆ తగ్గిన ద్రవ్యరాశే శక్తిగా బయటికొస్తుంది. పరమాణు ద్రవ్యరాశి యూనిట్‌లో, అంటే `u`లో, లెక్క ఇది:

```
C-14 = 14.003242 u
N-14 = 14.003074 u
తేడా = 0.000168 u
0.000168 × 931.5 MeV = 0.156 MeV
```

అంటే ఒక్కో పరమాణువు నుంచి సుమారు 1,56,000 ఎలక్ట్రాన్ వోల్టులు. ఇక మంటను చూడండి. ఒక కార్బన్ పరమాణువు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా కాలిపోతే వచ్చేది నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులు, అంతే. రెంటికీ మధ్య దాదాపు నలభై వేల రెట్ల తేడా ఉంది. మంట పరమాణువుల మధ్య బంధాలను తెంచగలదు, కేంద్రకాన్ని తాకలేదు. అందుకే కాలిన దూలంలోని కార్బన్-14 కాలని దూలంలో ఉన్నట్టే, అదే వేగంతో తగ్గుతూ ఉంటుంది. తడి, ఎండ, పూడిక, వందల ఏళ్ళ మట్టి బరువు, ఏదీ ఆ వేగాన్ని మార్చదు. బొగ్గులో ఇంకో సుగుణం ఉంది, దాన్ని చెద పట్టదు, పురుగు తినదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ అంతా కాలిన పేడే. అయినా అక్కడి కాలిన పదార్థం క్రీస్తు పూర్వం మూడో సహస్రాబ్ది నాటిదని రేడియోకార్బన్ తేల్చగలిగింది. కాబట్టి మేస్త్రికి చెప్పండి, బొగ్గు పారేయొద్దని.

కార్బన్-14 పుట్టుకలోనూ శక్తి లెక్కే కీలకం. పై గాలిలో విశ్వకిరణాల తాకిడికి న్యూట్రాన్లు పుడతాయి. అవి అటూ ఇటూ గుద్దుకుని నెమ్మదించాక నైట్రోజన్ కేంద్రకంలో దూరి ఒక ప్రోటాన్‌ను బయటికి నెడతాయి.

```
n + N-14 → C-14 + p
ముందు   : 1.008665 + 14.003074 = 15.011739 u
తర్వాత : 14.003242 + 1.007825 = 15.011067 u
తేడా     : 0.000672 u → 0.626 MeV
```

ముందు బరువు ఎక్కువ, తర్వాత బరువు తక్కువ. ఈ చర్య శక్తిని అడగదు, తిరిగి ఇస్తుంది. అందుకే వేగమంతా పోగొట్టుకున్న న్యూట్రాన్ కూడా ఈ పని చేయగలదు. 1919లో రూథర్‌ఫర్డ్ ఇదే నైట్రోజన్ మీద ఆల్ఫా కణాలను ప్రయోగించి ఆక్సిజన్‌ను పుట్టించిన చర్య దీనికి తలకిందులు. అక్కడ లెక్క 1.19 MeV లోటులో తేలుతుంది, వేగంగా వచ్చే కణమే ఆ లోటును పూడ్చాలి. న్యూట్రాన్ చర్యకు కూడా అలాంటి లోటే ఉంటే గాలిలో కార్బన్-14 ఇంత నిలకడగా తయారయ్యేది కాదు.

ఇప్పుడు 0.156 దగ్గరికి తిరిగొద్దాం. కేంద్రక చర్యల్లో ఇది చాలా చిన్న అంకె. యురేనియం-235 కేంద్రకం ఒకటి చీలితే సుమారు 200 MeV వస్తుంది, దీనికి వెయ్యి రెట్ల పైమాటే. కార్బన్-14 వదిలే ఎలక్ట్రాన్ అంత బలహీనం కాబట్టి చెక్కలోనే అరమిల్లీమీటరు కూడా దాటకుండా ఆగిపోతుంది. గైగర్ కౌంటర్ తెచ్చి దూలానికి ఆనించి చూద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే వద్దని చెప్పడానికి ఇదే కారణం. పైగా సంఖ్య కూడా చిన్నదే. నిన్నటి దాకా బతికిన చెట్టు నుంచి తీసిన ఒక గ్రాము కార్బన్‌లో సుమారు ఆరువేల కోట్ల కార్బన్-14 పరమాణువులుంటే, వాటిలో నిమిషానికి మారేవి పదమూడు, పద్నాలుగు మాత్రమే. గోడల్లోంచీ ఆకాశంలోంచీ వచ్చే కిరణాలే అంతకంటే ఎక్కువ చప్పుడు చేస్తాయి. షికాగోలో విలర్డ్ లిబ్బీ 1940ల చివర్లో ఈ పద్ధతిని నిలబెట్టడానికి పడిన కష్టమంతా ఇక్కడే. శాంపిల్‌ను కార్బన్ పొడిగా మార్చి కౌంటర్ లోపలి గోడకే పూశాడు. చుట్టూ మందపాటి ఇనుప కవచం పెట్టి, కౌంటర్ చుట్టూ ఇంకొన్ని కాపలా కౌంటర్లు అమర్చాడు. కాపలా కౌంటర్ మోగిన క్షణంలో లోపలిదీ మోగితే దాన్ని లెక్కలోంచి తీసేశాడు. 1960లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ పనికే.

ఆ పాత పద్ధతికి గ్రాముల కొద్దీ కార్బన్ కావాలి, గంటల తరబడి లెక్కపెట్టాలి. ఒక శాతం ఖచ్చితత్వం రావాలంటే పదివేల సార్లు మోగాలి. ఒక గ్రాము తాజా కార్బన్‌తో దానికి పన్నెండు గంటలు దాటుతుంది. ఇప్పుడు చాలా లేబొరేటరీలు పరమాణువు మారేదాకా కాచుకోవడం మానేసి, మారకుండా మిగిలిన పరమాణువులనే నేరుగా లెక్కపెడుతున్నాయి. ఆ యంత్రాన్ని యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్ అంటారు, వాడుకలో ఏఎంఎస్. దీనికి ఒక మిల్లీగ్రాము కార్బన్ సరిపోతుంది. ఇక్కడా ఆ చిన్న తేడాయే అడ్డం తగులుతుంది. కార్బన్-14కూ నైట్రోజన్-14కూ బరువులో తేడా 0.000168 మాత్రమే కాబట్టి మామూలు స్పెక్ట్రోమీటర్‌కు రెండూ ఒకటే. గాలి నిండా నైట్రోజనే ఉంది. దీనికి దొరికిన ఉపాయం చాలా అందమైనది. శాంపిల్‌ను రుణావేశ అయాన్లుగా మార్చి పంపుతారు. నైట్రోజన్ రుణావేశ అయాన్‌గా నిలవలేదు, మొదటి మెట్టులోనే రాలిపోతుంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఈ సదుపాయం ఉంది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ కూడా రేడియోకార్బన్ పనికి పేరున్న చోటే. ముక్క కోసే ముందే లేబొరేటరీకి రాసి వాళ్ళ పద్ధతేమిటో, ఎంత బరువు కావాలో కనుక్కోండి. వడ్రంగి చేత అరకిలో కోయించాక యాభై మిల్లీగ్రాములు చాలునని తెలిస్తే ఆ దూలానికి అన్యాయం జరిగినట్టే.

ఇక దూలం దగ్గరికి వెళదాం. ఇక్కడ నిదానంగా చూడాలి.

చెట్టు ప్రతి ఏడూ కొత్త వలయం వేసుకుంటుంది. ఆ ఏడు గాలిలోంచి తీసుకున్న కార్బన్ ఆ వలయంలో స్థిరపడుతుంది. లోపలి వలయాల కలప అప్పటికే ఏళ్ళ కింద గాలితో సంబంధం తెంచుకుంది. అంటే గడియారం మొదలయ్యేది చెట్టు నరికిన రోజున కాదు, ఆ వలయం ఏర్పడిన ఏడాదిలో. రెండొందల ఏళ్ళు బతికిన టేకు చెట్టును నరికి అదే ఏడు గుడి కడితే, మొద్దు నడిమధ్య నుంచి తీసిన ముక్క గుడికంటే రెండొందల ఏళ్ళు పాతదని చెబుతుంది. లేబొరేటరీ తప్పు ఏమీ లేదు. ముక్క తప్పు చోట తీశారు.

కాబట్టి దూలం కొస దగ్గర కూర్చుని, బ్రష్షుతో దుమ్ము దులిపి, కొద్దిగా నీళ్ళు చిలకరించి చూడండి. తడిస్తే వలయాలు తేలతాయి. నడిమి గుండ్రం ఏ వైపుందో, వంపులు ఏ వైపుకు పెద్దవవుతున్నాయో కనిపెట్టండి. పెద్ద వంపు వైపే చెట్టు బయటి భాగం. అక్కడ ఎక్కడైనా బెరడు ముక్క అంటుకుని ఉందా, లేక బెరడు ఊడిపోయి నున్నగా గుండ్రంగా ఉన్న అంచు ఉందా అని మూలమూలలా చూడండి. చదరంగా చెక్కిన దూలంలో కూడా ఒక్కోసారి నాలుగు మూలల్లో ఒక మూల చెక్కడానికి కలప చాలక సహజమైన గుండ్రంతో వదిలేస్తారు. ఆ మూలే కావాలి. అక్కడి చివరి రెండు మూడు వలయాల నుంచి సన్నని చీలిక తీస్తే చెట్టు నరికిన కాలానికి అతి దగ్గరి తేదీ వస్తుంది.

అలాంటి అంచు చాలాసార్లు దొరకదు. టేకులో చేవ చుట్టూ ఉండే లేత రంగు కలపను పురుగు తింటుందని వడ్రంగులు ముందే చెక్కేసేవారు. దాంతోపాటు చివరి వలయాలు ఎన్నో పోతాయి, ఎన్ని పోయాయో చెప్పలేం. అప్పుడు ఉన్నదాంట్లో బయటి వలయం తీసుకోండి, కానీ తీసిన చోటునూ బెరడు లేదన్న సంగతినీ రాసిపెట్టండి. ఇలాంటి తేదీకి ఒకే అర్థం: చెట్టును ఈ కాలానికి ముందు నరికి ఉండరు. తర్వాత ఎప్పుడైనా నరికి ఉండొచ్చు.

ఇంకో చిక్కు వాడిన కలపదే. పాత గుడి కూలితే దాని దూలాలు కొత్త మండపానికి వెళ్ళాయి, మంచి టేకును ఎవరూ పారేయలేదు. పనికిరాని చోట గాడి కనిపించినా, దేనికీ అతకని మేకు రంధ్రాలున్నా, ఒక వైపు మసిబారి పక్క దూలాలకు ఆ మసి లేకపోయినా ఆ దూలం ఎక్కడినుంచో వచ్చిందని అర్థం. అలాంటిది ఒక్కటే పంపకండి. అదే కట్టడంలో ఒకేలా కనిపించే మూడు దూలాల నుంచి తీసి పంపితే వలస వచ్చిన దూలం తనంతట తానే బయటపడుతుంది. గోడ సున్నంలో ఇరుక్కున్న బొగ్గు తునకో, గడ్డి పోచో దొరికితే ఇంకా మంచిది. పోచ ఒక్క ఏడాదే పెరుగుతుంది కాబట్టి దానికి ఈ వలయాల గొడవే లేదు.

ముక్క తీసేటప్పుడు చేతికి గ్లవుజులు, శుభ్రమైన ఉలి ఉండాలి. పై పొరను పక్కకు గీకేసి లోపలి కలప తీయండి. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, ఆ పొట్లాన్ని పాలిథిన్ కవర్లో వేసి, చీటీని ఆ రెండింటి మధ్య పెట్టండి. దూది, గుడ్డ, కాగితం ముక్కకు తగలకూడదు, అవన్నీ ఇటీవలి మొక్కల కార్బనే. తడిగా ఉన్న ముక్కకు బూజు పట్టే లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, పరిరక్షణ విభాగం వాళ్ళు రసాయనం పూయక ముందే ముక్క తీసుకోండి. నీళ్ళలో నానిన కలపను నిలబెట్టడానికి వాడే పాలిథిలిన్ గ్లైకాల్, జిగురుగా వాడే రెజిన్లు, చెదల మందులో కలిపే కిరసనాయిలు పెట్రోలియం సరుకులే. పెట్రోలియంలో కార్బన్-14 ఎప్పుడో కరిగిపోయింది.

ఆ కల్తీ ఎంత చెరుపు చేస్తుందో లెక్కగట్టొచ్చు. శాంపిల్ కార్బన్‌లో నూటికి ఒక వంతు పెట్రోలియం మిగిలిపోయిందనుకోండి. శాంపిల్ అసలు వయసు ఎంతైనా సరే, ఎనభై ఏళ్ళు ఎక్కువ చూపిస్తుంది. ఐదు వంతులైతే నాలుగు వందల పై చిలుకు. ఐదు వంతులంటే పెద్ద మోతాదు కాదు, జిగురు బాగా పీల్చుకున్న చెక్కలో అంత ఉండడం మామూలే. కొత్త కార్బన్ కలిస్తే ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది, వయసు తక్కువ కనిపిస్తుంది. నాలుగు వేల ఏళ్ళ చెక్కలో ఒక శాతం కొత్త కార్బన్ కలిస్తే యాభై ఏళ్ళే తగ్గుతాయి. కానీ కార్బన్-14 పూర్తిగా పోయిన చెక్కలో అదే ఒక శాతం కలిస్తే ముప్ఫై ఏడు వేల ఏళ్ళనే దొంగ అంకె పుడుతుంది. గుడి దూలాలకు తరతరాలుగా పట్టించిన నూనె, పసుపు, దీపపు మసి ఈ కోవలోవే. దూలం నూనె పట్టినదైతే ఫారంలో ఆ మాట తప్పకుండా రాయండి.

ఎందుకంటే లేబొరేటరీ మామూలుగా చేసే శుద్ధి మూడు అంచెల్లో ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నపు అంశం పోగొడతారు, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో మట్టిలోంచి ఊరిన హ్యూమిక్ ఆమ్లాలను లాగేస్తారు, మళ్ళీ ఆమ్లంతో కడుగుతారు. రెండో అంచెలో ద్రావణం డికాక్షన్‌లా నల్లబడుతుంది. రంగు తేరేదాకా మార్చి మార్చి కడగాలి. నూనె, జిగురు వీటికి లొంగవు. వాటికి ముందుగా సేంద్రియ ద్రావకాలతో వేరే శుద్ధి చేయాలి, లేదా చెక్కలోంచి సెల్యులోజ్‌ను మాత్రమే వేరుచేసి వాడాలి. మీరు చెప్పకపోతే అలా చేయాలని వాళ్ళకు తెలియదు.

ఇప్పుడు రిపోర్టు. ఒక దూలం బెరడు అంచు నుంచి తీసిన ముక్కకు ఈ ఫలితం వచ్చిందనుకుని లెక్క వేద్దాం. `F14C` అనే గడిలో 0.8996 ± 0.0034 అని ఉంది. ప్రామాణికంగా తీసుకునే 1950 నాటి స్థాయి ఒకటి అనుకుంటే ఈ చెక్కలో మిగిలిన కార్బన్-14 అందులో దాదాపు తొంభై శాతమని దాని భావం. దాని నుంచి వయసు:

```
t = -8033 × ln(F)
  = -8033 × ln(0.8996)
  = 850 BP
± = 8033 × 0.0034 / 0.8996 = 30
```

8033 అనే అంకె లిబ్బీ తీసుకున్న 5568 ఏళ్ళ అర్ధాయువు నుంచి వచ్చింది. తర్వాతి కొలతల్లో అర్ధాయువు 5730కి దగ్గరని తేలింది, పాఠ్యపుస్తకాల్లో కనిపించేది అదే. అయినా రిపోర్టులన్నీ పాత అంకెతోనే లెక్కగట్టాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి. పాత రిపోర్టులూ కొత్త రిపోర్టులూ పోల్చుకోవడానికి అదే వీలు. తెలిసిన ఉద్యోగులే ఇక్కడ తప్పటడుగు వేస్తారు. పుస్తకంలో 5730 అని చదివి, లేబొరేటరీ పొరపాటు పడిందనుకుని అంకెను 1.03తో గుణించేస్తారు. అలా చేయకండి, ఆ తేడాను తర్వాతి మెట్టు సరిచేస్తుంది.

బీపీ అంటే 1950కి ముందు అని. అందువల్ల 1950లోంచి 850 తీసేసి 1100 అని ఫైల్లో రాయాలనిపిస్తుంది. అది తప్పు. గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు కాబట్టి, వయసు తెలిసిన చెట్ల వలయాలను వేల సంఖ్యలో కొలిచి గీసిన వక్రరేఖ మీద ఈ అంకెను సరిచూడాలి. ఇప్పుడు వాడుకలో ఉన్నది `IntCal20`. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ `OxCal` ప్రోగ్రాంలో ఒక్క వరుస టైపు చేస్తే చాలు:

```
R_Date("dulam-1", 850, 30);
```

వచ్చే జవాబు ఒక ఏడాది కాదు, ఒక పరిధి. ఈ అంకెకు అది ప్రధానంగా 12వ శతాబ్దం రెండో సగం నుంచి 1260ల దాకా పరుచుకుంటుంది. 1100 అన్న ఏడు ఆ ప్రధాన పరిధిలోనే లేదు. కాకతీయుల చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ తేడా విలువ వెంటనే తెలుస్తుంది. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. 1100 అని రాస్తే ఈ దూలం కాకతీయులు స్వతంత్రులు కాకముందుదవుతుంది, సరిగా చదివితే రామప్ప నాటి కాలానికి సరిపోతుంది. రిపోర్టులో 68 శాతం పరిధి, 95 శాతం పరిధి రెండూ ఇస్తారు. ఫైల్లో 95 శాతం పరిధే రాయండి. మూడింట ఒకసారి తప్పే అవకాశమున్న పరిధి మీద కట్టడం చరిత్ర రాయకూడదు.

పరిధి ఇంకా ఇరుకు కావాలంటే అదే దూలంలో బయటి అంచు నుంచి ఒకటి, లోపలికి సరిగ్గా యాభై వలయాలు లెక్కపెట్టి ఇంకొకటి తీసి పంపండి. రెంటి మధ్య దూరం యాభై ఏళ్ళని ముందే తెలుసు కాబట్టి వక్రరేఖ మీద రెండూ ఒకేసారి కుదిరే చోట్లు తగ్గిపోతాయి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. లోపలి ముక్క బయటి ముక్కకంటే స్పష్టంగా చిన్న వయసు చూపిస్తే శుద్ధి కుదరలేదనో, చీటీలు తారుమారయ్యాయనో వెంటనే బయటపడుతుంది.

కొలత, చరిత్ర, వక్రరేఖ ఈ మూడూ ఎలా పేచీ పడతాయో మొదట్లోనే తెలిసిపోయింది. లిబ్బీ తన పద్ధతిని పరీక్షించడానికి వయసు తెలిసిన చెక్కలు కావాలని అడిగితే, మొదట అందినవాటిలో ఈజిప్టులోని సక్కారా దగ్గర జోసర్ రాజు సమాధిలోని తుమ్మ జాతి కలప ఉంది. చరిత్రకారుల లెక్కలో దాని వయసు అప్పటికి సుమారు 4650 ఏళ్ళు. లిబ్బీ జాబితాలో కొలత 3979 ± 350. దాదాపు ఏడు వందల ఏళ్ళ తేడా. అలాంటిదే స్నెఫెరు రాజు కాలపు చెక్కకు చరిత్ర లెక్క 4575 అయితే కొలత 4802 ± 210 వచ్చింది. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. ఆనాటి పెద్ద దోషపరిధుల్లో ఇవి పద్ధతికి సాక్ష్యంగానే నిలబడ్డాయి. కానీ కొలతలు మెరుగుపడే కొద్దీ ఈజిప్టు చెక్కలు వరసగా చిన్న వయసు చూపిస్తున్నాయని తేలింది. ఆ చిక్కు విడిపోయింది అమెరికా కొండల మీది బ్రిసిల్‌కోన్ పైన్ చెట్ల వలయాలతో. ఆ వలయాలను ఒక్కొక్కటిగా కొలిచి, అయిదు వేల ఏళ్ళ కింద గాలిలో కార్బన్-14 ఇప్పటికంటే ఎక్కువని 1960ల్లో హాన్స్ స్యూస్ చూపించాడు. ఎక్కువ మూలధనంతో మొదలైన చెక్కలో ఈరోజు మిగిలిందీ ఎక్కువే, అందుకే చిన్న వయసుగా కనిపిస్తుంది. నేటి వక్రరేఖ మీద పెడితే జోసర్ కాలం ఆ మొదటి కొలత పరిధిలో కూర్చుంటుంది.

చివరగా, మ్యూజియంలో కొనుగోళ్ళు చూసేవాళ్ళకు ఒక మాట. 1650 తర్వాత పరీక్ష పనికిరాదన్నాను, దానికి ఒక మినహాయింపు ఉంది. 1950ల నుంచి 1963 దాకా గాలిలో పేల్చిన అణుబాంబులు విపరీతంగా న్యూట్రాన్లు చిమ్మాయి. అవి పైన రాసిన అదే చర్యతో నైట్రోజన్‌ను కార్బన్-14గా మార్చాయి. ఉత్తరార్ధగోళంలో 1963 నాటికి దాని పాలు ఇంచుమించు రెట్టింపయింది. కాబట్టి సుమారు 1955 తర్వాతి దశాబ్దాల్లో పెరిగిన చెక్కలో `F14C` ఒకటి దాటుతుంది. మూడొందల ఏళ్ళనాటి తలుపని అమ్మజూపిన దాని చెక్కకు 1.2 వస్తే అది ఆ తర్వాత పెరిగిన చెట్టుదే, వేరే రుజువు అక్కర్లేదు. ఒకటికంటే తక్కువ వస్తే మాత్రం తలుపు అసలుదని రాయకండి. పాత ఇల్లు పడగొట్టిన దూలాన్ని కోసి నిరుడు చెక్కిన తలుపుకు కూడా అంతే వస్తుంది. ఇలాంటి శాంపిల్‌ను అమ్మకందారు ఇచ్చిన పొడి నుంచి కాకుండా తలుపు మీద వాళ్ళ ఎదురుగా, మీరే తీయాలి. తీసిన చోటు దగ్గరగా ఒక ఫోటో, తలుపంతా కనిపించేలా ఒక ఫోటో తీసుకుని, ముక్కలో సగం మీ స్టోర్‌లో సీలు వేసి ఉంచండి. రేపు ఫలితాన్ని ఎవరైనా కాదంటే రెండో లేబొరేటరీకి పంపడానికి ఆ సగమే ఉంటుంది.